శాంసంగ్ ఫోన్‌లో నాయిన అడుగులు సరిగ్గా రావట్లేదు, బీపీ లెక్కలు కూడా అందులోనే రాయొచ్చా?

"మా నాయినకు 61 ఏండ్లు. మిర్యాలగూడ దగ్గర ఊర్ల ఉంటడు, బీపీ గోలీ వాడుతుండు. ఫోన్ల ముందే ఉన్న శాంసంగ్ హెల్త్ ఆన్ చేసి ఇచ్చిన. పొద్దంతా పొలంకాడ తిరిగినా 900 అడుగులే చూపిస్తుంది. బీపీ మిషన్ల వచ్చిన లెక్కలు కూడా అండ్లనే రాయొచ్చా? డాక్టర్ వచ్చే నెల రీడింగులు తెమ్మన్నడు."

అడుగుల లెక్క తక్కువ రావడానికి ఎక్కువసార్లు కారణం యాప్ కాదు, ఫోన్ ఉన్న చోటు. ఫోన్ లోపల కదలికను పసిగట్టే సెన్సార్ ఉంటుంది, ఒంటి మీద ఉన్నప్పుడే దానికి అడుగు తెలుస్తుంది. పొలానికి పోయినవాళ్లు ఫోన్‌ను స్టార్టర్ డబ్బా మీదనో, బండి కవర్లోనో పెట్టి పనిలో దిగుతారు. అక్కడి నుంచి లెక్క ఆగిపోతుంది. ఇంకో సంగతి, ఆగకుండా దాదాపు పది అడుగులు వేస్తేనే యాప్ దాన్ని నడకగా తీసుకుంటుంది. మడికి నీళ్లు మళ్లిస్తూ రెండడుగులు వేసి ఆగడం, కలుపు తీస్తూ జరగడం అందులోకి రావు. కాబట్టి 900 అని చూపినంత మాత్రాన మీ నాయిన కష్టం తక్కువని కాదు. ఆ అంకె నడకది మాత్రమే, పనిది కాదు.

ఫోన్ జేబులోనే ఉన్నా తక్కువ చూపిస్తే రెండు చోట్ల చూడండి. Settings లో Apps, అందులో Samsung Health, అందులో Permissions తెరిచి Physical activity కి అనుమతి ఉందో లేదో చూడండి. ఒక అడుగు వెనక్కి వచ్చి Samsung Health పేజీలోనే Battery నొక్కి Unrestricted పెట్టండి. చార్జింగ్ మిగల్చాలని ఎవరైనా ఈ యాప్‌ను Deep sleeping apps జాబితాలో వేసి ఉంటే అక్కడి నుంచి తీసేయండి. వెర్షన్‌ను బట్టి ఈ పేర్లు కొంచెం అటూఇటూ ఉండొచ్చు. తర్వాత ఒక పరీక్ష చేయించండి. యాప్‌లోని అంకె చూసి, ఫోన్ జేబులో వేసుకుని, నోటితో లెక్కపెడుతూ నూరు అడుగులు తిన్నగా నడవమనండి. ఒకటి రెండు నిమిషాలు ఆగి చూస్తే 95 నుంచి 105 మధ్య పెరిగి ఉండాలి. ఆ మేరకు వస్తే యాప్ బాగానే ఉన్నట్టు. గుంతల రోడ్డు మీద బండి నడిపినప్పుడు అప్పుడప్పుడు అడుగులు దొంగగా పెరుగుతాయి, దాని గురించి పట్టించుకోకండి.

ఇక లక్ష్యం. యాప్ తనంతట తాను 6000 పెడుతుంది. లోకమంతా చెప్పుకునే 10,000 అనేది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది, వైద్యులు కొలిచి పెట్టిన గీత కాదు. మొదటి వారం లక్ష్యాన్ని చూడకుండా ఫోన్‌ను జేబులో పెట్టుకుని మామూలుగా తిరగమనండి. ఆ వారం సగటు 2800 వచ్చిందనుకోండి, Steps పేజీలో మూలనున్న మూడు చుక్కలు నొక్కి Set target లో 3800 పెట్టండి. రెండు మూడు వారాలు తేలిగ్గా అందితే మరో వెయ్యి పెంచండి. మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన కొందరికి మోకాళ్లు, నడుము బిగుసుకుని ఉంటాయి. అలాంటి వాళ్లకు వెయ్యి కాదు, మూడు నాలుగు వందలు పెంచినా చాలు. ఎండాకాలంలో ఆ అదనపు నడక పొద్దున ఏడు గంటల లోపే అయిపోవాలి.

అసలు జాగ్రత్త బీపీ దగ్గర కావాలి, ఎందుకంటే డాక్టర్ గోలీ మోతాదు దాన్ని చూసే నిర్ణయిస్తాడు. అవును, అందులో రాయొచ్చు. యాప్ మొదటి పేజీ చివరిదాకా జరిపితే Manage items ఉంటుంది, అందులో Blood pressure, Weight చేర్చండి. తర్వాత Blood pressure తెరిచి పై బీపీ, కింది బీపీ, పల్స్ అంకెలు నింపి సేవ్ చేయడమే. ఫోన్ తనంతట తాను బీపీ కొలవదు. కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్తామనే యాప్‌లను నమ్మకండి. చేతి దండకు పట్టీ కట్టే మిషన్‌లో వచ్చిన అంకెనే రాయాలి.

కొలిచే పద్ధతి తప్పితే ఎంత శ్రద్ధగా రాసినా లాభం లేదు. పొద్దున గోలీ వేసుకోకముందు, ఏమీ తినకముందు కొలవాలి. అప్పటికి అరగంట ముందు నుంచీ చాయ్, బీడీ వద్దు. ఒంటేలుకు పోయి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీని చొక్కా మీద కాకుండా చర్మం మీద, మోచేయి మడత కంటే రెండు వేళ్లు పైన కట్టాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండు సార్లు కొలిచి రెండూ రాయాలి. మాపటికి పడుకోబోయే ముందు మళ్లీ ఇలాగే. మంచం మీద కాళ్లు ముడుచుకుని, చేయి కిందికి వేలాడేసి కొలిస్తే అంకె నిజం కన్నా పైకే వస్తుంది.

రాసేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పు టైం. పొద్దున కాగితం మీద గీసుకుని రాత్రి ఫోన్‌లోకి ఎక్కిస్తే యాప్ అప్పటి టైమే వేసుకుంటుంది, పొద్దుటి లెక్క రాత్రి లెక్కలో కలిసిపోతుంది. అంకెలు నింపే పేజీలోనే పైన తేదీ, టైం ఉంటాయి, వాటిని మార్చి సేవ్ చేయాలి. 148 బదులు 184 పడితే ఆ ఎంట్రీని వదిలేయకుండా సరిచేయండి. ఒక్క తప్పు అంకె వారం గ్రాఫ్‌నంతా పైకి లాగుతుంది.

ఒక రోజు లెక్క చూద్దాం. పొద్దున 148/90, 142/88. రాత్రి 136/84, 134/82. నాలుగింటి సగటు 140/86. ఇంట్లో కొలిచినప్పుడు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క, దవాఖానలో చూసే 140/90 గీత ఇక్కడ పనికిరాదు. పై రోజు సగటు గీత దాటింది, అందులోనూ పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ. గోలీ ప్రభావం తెల్లారేసరికి తగ్గుతున్నదేమో అని డాక్టర్ చూసుకోవడానికి ఈ తేడానే కావాలి. గోలీ వేసే వేళ, మోతాదు మీరే మార్చకండి. ఒక్క రోజుతో ఏమీ తేలదు. డాక్టర్ దగ్గరికి పోయే ముందు వరుసగా ఏడు రోజులు కొలిచి, మొదటి రోజును వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. పొద్దుటిది వేరుగా, రాత్రిది వేరుగా తీస్తే ఇంకా మంచిది. ఎప్పుడైనా 180/120 దాటి, దానితో ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో, చేయి పడిపోవడమో ఉంటే యాప్ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి.

బరువు వారానికి ఒకసారి రాస్తే చాలు. పొద్దున, ఒకే రకం బట్టలతో. షాబాద్ బండల నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాటా నాలుగు కాళ్లూ ఆనక కిలో రెండు కిలోలు తేడా చూపిస్తుంది, ఊగని చోటు ఒకటి చూసి ఎప్పుడూ అక్కడే పెట్టండి. చాప మీద పెట్టొద్దు. గుండె బలహీనంగా ఉందని, కాళ్లు వాస్తున్నాయని డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం రోజూ చూడాలి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డాక్టర్‌కు వెంటనే చెప్పండి.

ఇంకొకటి, యాప్ సెట్టింగ్స్‌లో Samsung account తో లాగిన్ అయి Sync with Samsung Cloud ఆన్ చేయండి. అది లేకుండా ఫోన్ పోయినా, రీసెట్ చేసినా నెల రోజుల రీడింగులు తిరిగి రావు. దవాఖానకు పోయే ముందు రోజు ఆ ఏడు రోజుల అంకెలను ఒక కాగితం మీద కూడా రాసి ఇవ్వండి, ఓపీ రద్దీలో డాక్టర్‌కు ఫోన్‌లో వెతికే టైం ఉండదు.