టిక్ పడిన సమాధానంలో ఏపీఐ కీ ఉండిపోతే

"స్టాక్ ఓవర్‌ఫ్లోలో నా పాత సమాధానంలో ఏపీఐ కీ ఉండిపోయిందండీ. డిలీట్ కొడితే కుదరదంటోంది."

అడిగినవారు దానికి టిక్ పెట్టి ఉంటారు. టిక్ ఉన్నదాన్ని రాసినవారు కూడా తీసేయలేరు. ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి, అసలు పని అదే. తర్వాత Edit నొక్కి కీ ఉన్నచోట `YOUR_API_KEY` అని పెట్టండి. మిగతాది ముట్టుకోకండి. మొత్తం చెరిపేస్తే పాతదాన్నే తిరిగి పెట్టేస్తారు, ఎందుకంటే పోస్ట్ చేసినప్పుడే మీరు దాన్ని ఇతరులు వాడుకోవచ్చనే CC BY-SA లైసెన్సు ఇచ్చేశారు, అది వెనక్కి తీసుకునేది కాదు.

ఎడిట్ చేసినా "edited" లింకు నొక్కితే పాత కీ అలాగే కనిపిస్తుంది. అందుకని Flag నొక్కి, మోడరేటర్ జోక్యం కోరే ఆప్షన్ ఎంచుకుని, ఏ రివిజన్‌లో ఉందో రాయండి (కీ మళ్లీ టైప్ చేయకండి సుమా). ఆ రివిజన్‌ను వాళ్లు మరుగుపరచగలరు.