బ్యాటరీ క్లెయిమ్ రిజెక్ట్ అయిందని కస్టమర్‌కి చెప్పడం

ప్రశ్న: మామయ్య ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో కొత్తగా కూర్చుంటున్నాను. వారంటీలో ఉన్న బ్యాటరీని కంపెనీ రిజెక్ట్ చేస్తే కస్టమర్‌కి ఆ మాట చెప్పాలంటే నోరు రావట్లేదు. నిన్న ఒకాయన షాపు ముందు పెద్ద గొడవే చేశాడు. మీరైతే ఎలా చెబుతారు? వాళ్ళకి ఇంకేం దారి చూపిస్తారు?

జవాబు:

మిర్యాలగూడలో 14 ఏళ్ళుగా ఇదే షాపు నడుపుతున్నాను. మొదట్లో నేను చేసిన తప్పు చెబుతాను. రిజెక్ట్ అయిందని తెలిసిన రోజే చెప్పకుండా, "పైవాళ్ళతో మాట్లాడుతున్నా, రెండు రోజులు ఆగండి" అంటూ ఒకాయన్ని 12 రోజులు తిప్పాను. చివరికి విషయం చెప్పినప్పుడు ఆయన బ్యాటరీ గురించి ఒక్క మాట అనలేదు. "ఇన్ని రోజులు ఇంట్లో చీకట్ల కూర్చోబెట్టినవ్" అన్నాడు. తిట్టించుకున్నది ఆలస్యానికే. అప్పటినుంచి క్లెయిమ్‌కి బ్యాటరీ దింపుకున్న రోజే ఒక పాత స్టాండ్‌బై బ్యాటరీ పెట్టించి పంపుతాను. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

అసలు మాట చెప్పే ముందు, రిజెక్ట్ చేసిన కారణం సరైనదో కాదో మీకు మీరు తేల్చుకోవాలి. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి కదా, ఫుల్ చార్జింగ్ పెట్టాక హైడ్రోమీటర్‌తో ఒక్కోదాని గ్రావిటీ, అంటే లోపలి యాసిడ్ చిక్కదనం, మీరే చూడండి. ట్యూబులర్ బ్యాటరీకి దాదాపు 1240 రావాలి. ఐదు సెల్స్ బాగుండి ఒక్కటే 1120 దగ్గర పడిపోయి ఉంటే అది చాలావరకు తయారీ లోపమే. అలాంటిది రిజెక్ట్ అయితే కస్టమర్‌తో కాదు, సర్వీస్ ఇంజనీర్‌తో మాట్లాడాలి. ఒకసారి నేను ఆరు రీడింగులూ ఫోటోలు తీసి పంపితే మళ్ళీ టెస్ట్ చేసి కొత్తది ఇచ్చారు. ఆరూ ఒకేలా తక్కువగా ఉంటే మాత్రం వాడకంలోనో చార్జింగ్‌లోనో తేడా ఉన్నట్టు. అప్పుడు ఒకసారి ఇన్వర్టర్ చార్జింగ్ వోల్టేజీ కూడా చూడండి, కొన్నిసార్లు దొంగ అక్కడ దొరుకుతాడు.

పోయిన ఫిబ్రవరిలో ఒక రిటైర్డ్ మాస్టారు 150 ఏహెచ్ బ్యాటరీ తెచ్చారు. 36 నెలల ఫ్రీ రీప్లేస్‌మెంట్‌లో 26 నెలలు అయింది. కరెంటు పోతే 20 నిమిషాలకే ఇన్వర్టర్ కీచుమంటోందట. మూతల మీద నీళ్ళ మట్టం చూపించే ఫ్లోట్లు ఆరూ కిందికి దిగిపోయి ఉన్నాయి. ఇంజనీర్ వచ్చి డిస్టిల్డ్ వాటర్ నింపి, చార్జింగ్ పెట్టి మర్నాడు చూస్తే ఆరు సెల్స్ 1140 నుంచి 1160 మధ్య ఉన్నాయి. పైగా లోపల నీళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి. బోరు నీళ్ళు పోసినట్టు. మా నల్లగొండ జిల్లా బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, అందులోని ఇనుము, ఉప్పులు లోపలికి పోతే బ్యాటరీ దానంతటదే చార్జింగ్ కోల్పోతుంది. క్లెయిమ్ కొట్టేశారు.

ఫోన్లో చెప్పలేదు. "మాస్టారూ, ఒకసారి షాపుకి వస్తే బ్యాటరీ చూపిస్తాను" అని పిలిచాను. కూర్చోగానే మొదటి మాటే చెప్పేశాను: "క్లెయిమ్ ఒప్పుకోలేదండి. ఎందుకో మీ కళ్ళతో చూద్దురుగాని, రండి." యోగక్షేమాలు, టీ, కంపెనీ రూల్సు అన్నీ అయ్యాక అసలు సంగతి చెబితే మనమేదో దాస్తున్నట్టు ఉంటుంది. ఆయన వెంటనే లేచి, "మూడేండ్ల గ్యారంటీ అని నువ్వే అంటివి కదా, ఇప్పుడు ఇట్ల మాట్లాడతవేంది?" అన్నారు. ఎదురు చెప్పలేదు. మూత తీసి టార్చ్ వేసి చూపించాను. ప్లేట్ల పైభాగం ఎండి తెల్లబడిన గీత కనిపిస్తోంది. పక్కనే షోరూంలోని కొత్త బ్యాటరీ మూత కూడా తీశాను. హైడ్రోమీటర్ ఆయన చేతికే ఇచ్చి రెండింటిలోనూ తీయమన్నాను. లెక్కల మాస్టారు కదా, అంకెలు చూశాక గొంతు తగ్గింది.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్త. "మీరు నీళ్ళు పోయలేదు" అనకండి. "నీళ్ళు ప్లేట్ల కిందికి దిగాయి, తర్వాత పోసింది డిస్టిల్డ్ వాటర్ కాదు" అంటే చాలు. ఎవరు పోశారో ఇంట్లో వాళ్ళే తేల్చుకుంటారు. నా వంతు తప్పు కూడా ఒప్పుకున్నాను. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న నీళ్ళ షరతుని అమ్మిన రోజు నేను చదివి వినిపించలేదు. "నేనేం చేయను, కంపెనీ వాళ్ళ ఇష్టం" అనే మాట మాత్రం అస్సలు వాడకండి. కస్టమర్ డబ్బులిచ్చింది మనకి.

తర్వాత ఆయన మెల్లగా, "కార్డు మీద తేదీ మార్చి ఇంకోదాని మీద క్లెయిమ్ వెయ్యరాదు?" అన్నారు. చాలామంది అడుగుతారు. సీరియల్ నంబర్‌ని బట్టి ఎప్పుడు తయారైందో, ఎవరికి బిల్లు అయిందో కంపెనీకి తెలుస్తుందనీ, అలా చేస్తే నా డీలర్‌షిప్ పోతుందనీ చెప్పాను. మళ్ళీ అడగలేదు.

దారుల విషయానికొస్తే, మూడు చెప్పాను. ఒకటి, లోపలి నీళ్ళు సరిచేసి తక్కువ కరెంటుతో రెండు మూడు రోజులు నిదానంగా చార్జింగ్ పెట్టడం. దీనికి నేను 400 తీసుకుంటాను. ఎండిపోయిన ప్లేటు భాగం తిరిగి రాదు, బోరు నీళ్ళ మురికి పూర్తిగా పోదు, కాబట్టి గ్యారంటీ ఇవ్వనని ముందే చెబుతాను. గ్రావిటీ 1200 దాటితే కొంతకాలం నడుస్తుందనుకోవచ్చు, 1170 దగ్గరే ఆగిపోతే డబ్బు దండగ. రెండోది ఎక్స్ఛేంజ్. కొత్తది 15,500, పాతదానికి ఆ రోజు సీసం రేటు ప్రకారం 5,000, నా మార్జిన్‌లో 500 తగ్గిస్తే చేతినుంచి 10,000. ఈ లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. నోటిమాటగా "చూసి తగ్గిస్తాలెండి" అంటే రేపు ఇంకో గొడవ.

మూడోది చాలామంది డీలర్లు చెప్పరు. రిజెక్ట్ చేసిన కారణం, ఆరు రీడింగులు ఉన్న కాగితం కాపీ ఇచ్చి, ఒప్పుకోకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌లో మళ్ళీ తనిఖీ అడగమన్నాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉందన్నాను. మామయ్య వింటే "మన మీద మనమే కేసు పెట్టించుకుంటామా" అంటాడేమో. నేను నంబర్ ఇచ్చినవాళ్ళలో ఫోన్ చేసినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరే. దాచిపెడితే మాత్రం అనుమానం పెరుగుతుంది.

మాస్టారు మొదటిది ఎంచుకున్నారు. మూడో రోజుకి 1190 దగ్గర ఆగింది. రెండు ఫ్యాన్లు, ఒక లైటు మీద గంటా పది నిమిషాలు వచ్చింది. ఇది ఎండాకాలం దాటేదాకా ఉంటుందో లేదో చెప్పలేనన్నాను. జూన్ మొదటి వారంలో మళ్ళీ అరగంటకి పడిపోయింది. ఎక్స్ఛేంజ్‌కి వచ్చినప్పుడు నేను రాసిచ్చిన కాగితం జేబులోంచి తీశారు. అప్పటికి సీసం రేటు కాస్త తగ్గింది, అయినా రాసిన 10,000కే ఇచ్చాను. ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఆయనే అడిగి కొనుక్కెళ్ళారు.