16 లక్షల జీతం: స్టాండర్డ్ డిడక్షన్ చాలా, ఖర్చులు చూపాలా?

ప్రశ్న: హనుమకొండలో ఉద్యోగం, 2025-26లో జీతం 16 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్‌తో సరిపెట్టుకోవాలా, ఖర్చులన్నీ విడిగా చూపాలా?

కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే మిగిలే 15.25 లక్షలపై పన్ను 1,08,750, సెస్సు అదనం. పాత విధానంలో అంతకంటే తగ్గాలంటే అక్కడి 50,000 స్టాండర్డ్ డిడక్షన్ కాక, మరో 5,68,750కి మించి మినహాయింపులు చూపాలి. 80సి కింద లక్షన్నర, ఇంటి రుణం వడ్డీ 2 లక్షలు, ఎన్‌పీఎస్ 50,000, ఆరోగ్య బీమా 25,000 అన్నీ నిండినా 4.25 లక్షలే. సొంతింట్లో ఉండేవారికి ఇక లెక్క కుదరదు. హనుమకొండలో ఇంటికి అప్పు కడుతూ, ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో అద్దెకుండేవారికి హెచ్ఆర్ఏ కూడా కలుస్తుంది కాబట్టి పాతదే లాభం కావచ్చు.

ఇంతకీ ప్రభుత్వం ఈ స్టాండర్డ్ డిడక్షన్‌ను ఏకమొత్తంగా ఎందుకు ఇస్తోంది? 2018 బడ్జెట్‌కు ముందు రవాణా భత్యానికి 19,200, వైద్య బిల్లులకు 15,000 మినహాయింపు ఉండేది. మార్చి వచ్చిందంటే మా ఆఫీసులో మందుల షాపు బిల్లుల వేట మొదలయ్యేది. జ్వరమే రానివారి దగ్గరా బిల్లులుండేవి! వాటిని సరిచూడటం ఎవరికీ సాధ్యం కాదు. ఆ రెండూ తీసేసి 40,000 ఇచ్చారు. ఉద్యోగికి అదనంగా దక్కింది 5,800 మినహాయింపే. ఆ భత్యాలేవీ లేని పింఛనుదారులకు మాత్రం మొత్తం 40,000 కలిసొచ్చింది.