నలభై ఈమెయిళ్లకు పని రాలేదంటే ఆ పనే లేదని అర్థమా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లిష్ చేసింది, వయసు 23. హిందీ కూడా బాగా వచ్చు. తెలుగు సబ్‌టైటిళ్లు రాసి పెడతానంటూ మూడు నెలలుగా చిన్న వీడియో స్టూడియోలకు ఈమెయిళ్లు పంపుతోంది. నలభై పంపితే రెండు జవాబులు వచ్చాయి, రెండూ "అవసరం లేదు" అనే. ఓటీటీ సబ్‌టైటిలింగ్ కోర్సు ఉంది, 45 వేలు అంటున్నారు. అందులో చేర్పించాలా, బ్యాంకు కోచింగ్‌కు పంపాలా? తను పంపే ఈమెయిల్, పంపిన స్టూడియోల జాబితా జత చేస్తున్నాను. ఈమెయిల్‌లో చివరి వాక్యం నేనే చేర్పించాను. — ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ చివరి వాక్యాన్ని తీసేయించండి. "ఒక్క అవకాశం ఇప్పించండి, మొదట ఉచితంగానైనా చేస్తాను" అని మీరు చేర్పించిన మాట వినయంగా ఉందని మీరు అనుకుని ఉంటారు. చదివే స్టూడియో యజమానికి అది మరోలా వినిపిస్తుంది. తెలుగు రాని మనిషి తెలుగు సబ్‌టైటిళ్లు కొంటున్నప్పుడు, వచ్చిన పని మంచిదో కాదో తేల్చుకునే మార్గం ఆయన దగ్గర ఉండదు. ఉత్తరం తీరును బట్టి, చెప్పిన ధరను బట్టి ఒక అంచనాకు వస్తాడు. ఉచితం అనగానే, ఈ పనిని మళ్లీ ఎవరిచేతనో సరిచూపించుకోవాలేమో అన్న అనుమానం మొదలవుతుంది. మీ అమ్మాయి ఉత్తరాన్ని మీరు దిద్దడం, ఆపైన దానికి జవాబు రాలేదని ఆమె దారినే శంకించడం న్యాయం కాదు.

ఇక జాబితా చూశాను. నలభైలో ఇరవై ఆరు స్టూడియోలు హైదరాబాదు, విజయవాడలలో పెళ్లి వీడియోలు, తెలుగు లఘుచిత్రాలు తీసేవి. తెలుగులో మాట్లాడే చిత్రానికి తెలుగు సబ్‌టైటిళ్లు ఎందుకని వాళ్లు అనుకుంటారు. వాళ్లకు ఎప్పుడైనా కావలసి వస్తే అది ఇంగ్లిష్ సబ్‌టైటిల్. "అవసరం లేదు" అన్న ఇద్దరూ ఈ ఇరవై ఆరు మందిలోని వారే, వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. తెలుగు సబ్‌టైటిల్ కొనవలసిన స్టూడియో పుణెలోనో, ముంబైలోనో, బెంగళూరులోనో ఉంటుంది. అది డ్రిప్ సేద్యపు పరికరాల కంపెనీకో, ఆసుపత్రికో, స్వచ్ఛంద సంస్థకో హిందీలో లేదా ఇంగ్లిష్‌లో శిక్షణ వీడియోలు తీస్తుంది, ఆ వీడియోలను చూసేవారిలో ఖమ్మం రైతు కూడా ఉంటాడు. నిజానికి సబ్‌టైటిల్ అవసరం స్టూడియోది కాదు, స్టూడియో ఖాతాదారుది. అందుచేత స్టూడియో తన కొటేషన్‌లో "తెలుగు సబ్‌టైటిళ్లు" అని ఒక వరుస అదనంగా రాసుకుని, దాని మీద తన లాభం తాను వేసుకోగలిగేలా మీ అమ్మాయి ఉత్తరం ఉండాలి.

ఆమె ఇప్పుడు పంపుతున్న ఉత్తరం "గౌరవనీయులైన సర్ లేక మేడమ్" అని మొదలై, చదువు, మార్కులు, సినిమాల మీద ఆసక్తి అంటూ మూడు పేరాలు నడుస్తుంది. స్టూడియో తీసిన వీడియోల ప్రస్తావన ఒక్కటీ లేదు. ఆమె రాయవలసిన ఉత్తరం సుమారుగా ఇలా ఉండాలి. పంపేది ఇంగ్లిష్‌లోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను. "మీ చానెల్‌లో డ్రిప్ ఫిల్టర్ శుభ్రపరచడంపై ఉన్న హిందీ వీడియో చూశాను. అందులో మొదటి నిమిషానికి తెలుగు సబ్‌టైటిళ్లు రాసి జత చేశాను. ఈ వీడియో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులకు కూడా వెళ్లేదైతే, మొత్తం పన్నెండు నిమిషాలకు ఫైలు మూడు పనిదినాల్లో ఇస్తాను. ధర నిమిషానికి ఇంత, ఒకసారి సవరణ అందులోనే. మీ ఎడిటర్ సబ్‌టైటిళ్లను వీడియోలో అతికించాక, చివరి కాపీని నేను ఒకసారి చూసి అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చెబుతాను." ఇంతే. కింద పేరు, ఫోను నంబరు. సబ్జెక్ట్ వరుసలో "ఉద్యోగ అభ్యర్థన" అని కాకుండా, వాళ్ల వీడియో పేరు, పక్కన "తెలుగు సబ్‌టైటిల్ నమూనా" అని ఉండాలి. ఒక్క జాగ్రత్త చెప్పండి: వాళ్ల వీడియోను దించుకుని, సబ్‌టైటిళ్లు కలిపి తన చానెల్‌లో పెట్టకూడదు. సబ్‌టైటిల్ ఫైలు, రెండు మూడు స్క్రీన్ బొమ్మలు పంపితే చాలు. ఫైలు పేరు, వీడియో పేరు ఒకటే అయి రెండూ ఒకే ఫోల్డరులో ఉంటే వీఎల్‌సీ ప్లేయరులో సబ్‌టైటిల్ దానంతటదే తెరుచుకుంటుంది.

ఆ నమూనా నిమిషంలోనే ఆమె పనితనం తెలుస్తుంది. ఉత్తరానికి జత చేసిన పాత నమూనాలో ఒక వాక్యం ఇలా ఉంది: "ప్రతి పదిహేను రోజులకు ఒకసారి ఫిల్టరును తొలగించి శుభ్రమైన నీటితో ప్రక్షాళన చేయవలెను." వీడియోలో ఆ మాట మూడు సెకన్ల పైచిలుకులో అయిపోతుంది. ఖాళీలతో కలిపి లెక్కిస్తే ఇది 83 గుర్తులు. మనం ఒక అక్షరంగా చదివే "స్త్రీ" కంప్యూటరు లెక్కలో ఆరు గుర్తులని, ఒత్తులనూ గుణింతాలనూ అది విడివిడిగా లెక్కిస్తుందని ఇక్కడ గుర్తుంచుకోవాలి. తెర మీద రెండు వరుసలకు మించకుండా, వరుస 42 గుర్తుల దగ్గర ఆగేలా, ఒక సబ్‌టైటిల్ ఏడు సెకన్లకు మించి నిలవకుండా రాయడం ఈ వృత్తిలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి. పై వాక్యాన్ని ఏ మాట దగ్గర విరిచినా ఒక వరుస 42 దాటిపోతుంది, పైగా "ప్రక్షాళన" దగ్గరకు వచ్చేసరికి బొమ్మ మారిపోతుంది, రైతు ఆ ఫిల్టరును చూడనే చూడడు. అదే మాటను ఇలా రాయవచ్చు:

```
7
00:00:41,200 --> 00:00:44,400
పదిహేను రోజులకోసారి ఫిల్టర్ విప్పి
మంచినీళ్లతో కడగండి
```

పైనున్న అంకెలు ఆ సబ్‌టైటిల్ వరుస సంఖ్య, అది తెర మీద నిలిచే సమయం; కింది మాటలు 52 గుర్తులు. అర్థంలో పోయింది ఏమీ లేదు. "విప్పి" దగ్గర వరుస విరగడం కూడా గమనించండి: ఒక పని అక్కడ ముగిసింది, రెండోది కింది వరుసలో మొదలైంది. ఎం.ఏ. చదివిన పిల్లలకు పుస్తక భాష వదిలించుకోవడం కష్టం, కాబట్టి ఆమె రాసినది మీరు బిగ్గరగా చదవండి. వీడియో కంటే మీరు వెనకబడితే ఆ వాక్యం ఇంకా తగ్గాలి. ఉత్తరం దిద్దడం కంటే మీరు చేయగల మేలైన సాయం ఇదే.

చివరి కాపీ చూసి పెడతాననే మాట ఉత్తరంలో ఎందుకుండాలో కూడా చెబుతాను. నా దగ్గరకు సలహా కోసం వచ్చిన ఒక అబ్బాయి, రోగులకు చూపించే ఒక వీడియోకు చక్కని తెలుగు రాసి ఇచ్చాడు. స్టూడియో ఎడిటరు దానిని వీడియోలో శాశ్వతంగా అతికించినప్పుడు ఒత్తులన్నీ విడిపోయాయి. "రక్తం" అన్న మాట "రక్" తరువాత నిండు "త"తో, ఒత్తు లేకుండా తెర మీద పడింది. తెలుగు రాని ఎడిటరుకు అందులో తప్పు కనబడలేదు. తప్పు ఆసుపత్రిలో బయటపడింది, నింద మాత్రం రాసినవాడి మీద పడింది. కారణం చిన్నది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా లిపులకు వేరే సెట్టింగు ఉంటుంది, దానిని ఎంచుకోకపోతే అక్షరాలు కలవవు. ఫైలును UTF-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచకపోతే మరో ముప్పు, అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. అందుకని ఒత్తులెక్కువ ఉన్న మూడు వాక్యాలు సరిగ్గా ఎలా కనబడాలో ఒక బొమ్మ తీసి ఫైలుతో పాటు పంపడం మంచిది, అప్పుడు తెలుగు రాని ఎడిటరు కూడా పక్కపక్కన పెట్టి పోల్చుకోగలడు. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం కాస్త పెంచమని, మాట్లాడేవారి పేరుపట్టీ వచ్చేచోట సబ్‌టైటిల్‌ను పైకి జరపమని కూడా ఆమె ముందే రాయవచ్చు. ఈ రెండు వాక్యాలు చదివిన స్టూడియో యజమాని, ఈ అమ్మాయికి పని తెలుసని డిగ్రీ అడగకుండానే గ్రహిస్తాడు.

ధర విషయం. ఆమె నిమిషానికి 30 రూపాయలు అని రాసింది. పన్నెండు నిమిషాల వీడియోకు అది 360 రూపాయలు. విని, అనువదించి, ఏ సబ్‌టైటిల్ ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవాలో సమయాలు కట్టి, సరిచూసేసరికి ప్రస్తుతం తనకు ఆరు గంటలు పడుతోందని ఆమే ఉత్తరంలో రాసుకుంది, అంటే గంటకు 60 రూపాయలు. గంటకు 200 అయినా మిగలాలంటే నిమిషానికి 100 అడగాలి. చేయి తిరిగి అదే పని నాలుగు గంటల్లో అయిననాడు, ఆ ధరకే గంటకు 300 పడుతుంది. కొత్త స్టూడియో అయితే సగం ముందుగా తీసుకోమనండి, సవరణ ఒకసారి అని రాతలో ఉండాలి. వీడియోనే మళ్లీ కత్తిరించి పంపితే సమయాలన్నీ మళ్లీ కట్టాలి కాబట్టి అది సవరణ కింద రాదని కూడా రాయాలి. చాలామంది నష్టపోయేది అక్కడే.

45 వేల కోర్సు గురించి నాకున్న సందేహాలు దాచను. ఓటీటీ అన్న మాట వినగానే తల్లిదండ్రుల చేయి జేబులోకి వెళుతున్న కాలం ఇది. కానీ పెద్ద వేదికలు చాలావరకు ఒక్కొక్క అనువాదకుడితో నేరుగా లావాదేవీ పెట్టుకోవు, పని మధ్యవర్తి సంస్థల ద్వారా వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2017లో అనువాదకుల కోసం హెర్మెస్ అనే ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, 2018లో దానిని మూసివేసి, అనువాదకులను ఎంచుకునే బాధ్యతను తిరిగి తన భాగస్వామి సంస్థలకే వదిలింది. ఆ మధ్యవర్తి సంస్థలు సాధారణంగా ఒక నమూనా పరీక్ష పెట్టి మనిషిని తీసుకుంటాయి, ధర కూడా అవే నిర్ణయిస్తాయి. సర్టిఫికెట్ ఆ పరీక్షను తప్పించదు. సమయాలు కట్టడం నేర్చుకోవడానికి సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో రెండు వారాలు కూర్చుంటే యాంత్రికమైన భాగం పట్టుబడుతుంది. కోర్సు వారిని ఒక్క ప్రశ్న అడగండి: నిరుడు చదివిన వారిలో ఇప్పుడు పని చేస్తున్న ఇద్దరితో నన్ను ఫోనులో మాట్లాడనిస్తారా? తడబడితే మీ 45 వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

బ్యాంకు సంగతి కూడా అడిగారు. ఐబీపీఎస్ పీవో పరీక్షకు వయోపరిమితి 30 ఏళ్లు, అమ్మాయికి 23. ఈ ప్రయత్నంలో ఓ ఆరు నెలలు గడిచినా పోయేదేమీ లేదు. పొద్దున కోచింగ్ పుస్తకాలు, మధ్యాహ్నం సబ్‌టైటిళ్లు అని ఆమే అనుకుంటే అలాగే సాగనివ్వండి, అనుకోకపోతే బలవంతం చేయకండి. మీ ఉత్తరంలో నాకు వినబడిన అసలు బాధ వేరు: అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే మీ దగ్గర ఒక్క మాటలో చెప్పే జవాబు లేదు. హిందీ, ఇంగ్లిష్ వీడియోలకు తెలుగు రాస్తోందని చెప్పండి, అందులో తలవంపులేమీ లేవు.

ఇప్పుడు చేయవలసింది నలభై ఒకటో ఈమెయిల్ కాదు. అమ్మాయిని హిందీలో, ఇంగ్లిష్‌లో శిక్షణ వీడియోలు తీసే ఎనిమిది స్టూడియోలను ఎంచుకోమనండి. వారానికి రెండు చొప్పున, ఒక్కొక్కదానికి దాని వీడియోలోంచే నిమిషం నమూనా చేసి పంపాలి. వారం దాటినా జవాబు రాకపోతే అదే ఉత్తరం కింద రెండు వాక్యాలు చాలు: నమూనా తెరుచుకుందా అని ఒకటి, తెలుగువారికి వెళ్లే వీడియో ఏదైనా త్వరలో ఉందా అని ఇంకొకటి. ఆ తరువాత కూడా మౌనమే అయితే ఆ స్టూడియోను మూడు నెలలు వదిలేసి తరువాతి దానికి వెళ్లాలి. ఎనిమిదీ అయ్యాక వచ్చిన జవాబులు, రాసిన నమూనాలు తీసుకుని నాకు ఆమెనే రాయమనండి. ఈసారి మీరు రాయకండి.