రెండు వేల డాలర్ల బిల్లులో నాలుగు వేలు ఎక్కడ తగ్గాయి?

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటూ అమెరికా కంపెనీకి వెబ్‌సైట్ పని చేస్తున్నాను. 2,000 డాలర్లకు బిల్లు పంపాను. డబ్బు వచ్చిన రోజు గూగుల్‌లో డాలర్ 86 రూపాయలు ఉంది. 1,72,000 వస్తుందనుకుంటే ఖాతాలో 1,68,020 మాత్రమే పడింది. బ్యాంకులో అడిగితే చార్జీలు అంటున్నారు. ఇంత చార్జీ ఉంటుందా? లెక్కల్లో ఏ మొత్తం రాయాలి?

జవాబు: ముందు బ్యాంకు నుంచి రెండు కాగితాలు తెప్పించుకోండి. ఒకటి స్విఫ్ట్ సందేశం కాపీ. దీన్ని బ్యాంకు వాళ్లు MT103 అంటారు. రెండోది డాలర్లను ఏ రేటుకు మార్చారో చూపే అడ్వైజ్. ఈ రెండూ లేకుండా ఎవరు ఏం చెప్పినా అది అంచనానే. మీరు రాసిన అంకెలకు సరిపడేలా, ఇలాంటి కేసుల్లో సాధారణంగా కనిపించే లెక్క ఒకటి చెబుతాను. మీ కాగితాల్లో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

మీ క్లయింటు బ్యాంకుకూ మీ బ్యాంకుకూ మధ్య ఇంకో బ్యాంకు ఉంటుంది. అది తన ఫీజును దారిలోనే పట్టుకుంటుంది. 20 డాలర్లు పట్టుకుందనుకుందాం, మీ బ్యాంకుకు చేరింది 1,980. అంటే 86 చొప్పున 1,720 రూపాయలు అక్కడే పోయాయి. మీ కాపీ MT103 రూపంలోనే ఉంటే, అందులో 71A అనే చోట SHA అని కనిపిస్తే చార్జీలు ఇద్దరూ పంచుకున్నట్టు, BEN అంటే అన్నీ మీవే, OUR అంటే అన్నీ పంపినవాళ్లవే. కోత ఎంతో 71F దగ్గర కనిపించాలి.

ఇక అసలు పెద్ద కోత రేటులో ఉంది. దానికి చార్జీ అన్న పేరు ఉండదు కాబట్టి స్టేట్‌మెంట్‌లో వెతికినా దొరకదు. గూగుల్ చూపేది మార్కెట్ మధ్య రేటు, ఆ రేటుకు మీ డాలర్లు ఎవరూ కొనరు. బ్యాంకు కొనేది తన టీటీ బయింగ్ రేటుకు. అది 85.10 అయితే డాలరుకు 90 పైసలు తేడా, 1,980 డాలర్ల మీద 1,782 రూపాయలు. మిగిలింది చిన్నదే: బ్యాంకు ఫీజు జీఎస్టీతో 236, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ సుమారు 242. ఈ రెండోది రూల్ ప్రకారం లెక్క. లక్ష దాటి పది లక్షల లోపు మొత్తానికి 1,000 రూపాయలు, దానికి లక్ష దాటిన భాగంలో అర శాతం కలిపి, వచ్చిన విలువ మీద 18 శాతం వేస్తారు. దాని గురించి బ్యాంకుతో వాదించి లాభం లేదు.

రేటు దగ్గర మాత్రం తప్పకుండా అడగండి. చాలా బ్యాంకులు, డబ్బు దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ (సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి P0802) అందగానే, ఆ రోజుకు అందరికీ ప్రకటించిన కార్డు రేటుకు మార్చేస్తాయి. తర్వాత అడిగితే వెనక్కి తిప్పరు. అందుకే వచ్చేసారి డబ్బు రాకముందే "నన్ను అడిగి మార్చండి" అని బ్రాంచికి మెయిల్ పెట్టండి. డాలర్లు వచ్చిన రోజు ఫోన్ చేసి "సార్, ట్రెజరీ నుంచి ఎంత రేటు వస్తుంది?" అని అడగండి. నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇలా అడిగి 50 పైసలు పెంచుకున్నారు. మీ మొత్తానికైతే అది 990 రూపాయలు. బేరానికి ముందు ఎఫ్‌బీఐఎల్ ప్రతి పనిదినం మధ్యాహ్నం ప్రకటించే రిఫరెన్స్ రేటు చూసి పెట్టుకోండి. చిన్న మొత్తాలకు కొన్ని బ్యాంకులు రేటు మార్చవు. అప్పుడు రెండు బిల్లుల డబ్బు కలిపి ఒకేసారి పంపమని క్లయింటును అడిగితే దారి ఫీజు ఒక్కసారే పడుతుంది. OUR పెట్టమని కూడా అడగొచ్చు. కాకపోతే డాలర్ల విషయంలో అలా పెట్టినా ఒక్కోసారి మధ్యలో కోత పడుతుంది.

రేటు పెరుగుతుందని డాలర్లు అట్టే పెట్టుకోవడానికి ఈఈఎఫ్‌సీ ఖాతా ఉంది. అయితే దానిపై వడ్డీ రాదు. ఈ నెలలో వచ్చిన డాలర్లను, వాడుకున్నవి పోను, వచ్చే నెలాఖరులోపు రూపాయల్లోకి మార్చాల్సిందే. డాలర్లలో ఖర్చులు లేనివాళ్లకు అది అక్కర్లేదని నా అభిప్రాయం.

లెక్కల్లో చాలామంది ఖాతాలో పడిన 1,68,020నే ఆదాయంగా రాస్తారు. అది తప్పు. బిల్లు తేదీన రేటు 85.40 అనుకుంటే మీ ఆదాయం 1,70,800. అందులో 20 డాలర్ల కోత (85.10 చొప్పున 1,702), ఫీజు, జీఎస్టీ కలిపి సుమారు 2,180 బ్యాంకు చార్జీల కింద, 2,000 డాలర్ల మీద 30 పైసల తేడా 600 రూపాయలు మారకపు నష్టం కింద రాయండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బ్యాంకు వేసిన జీఎస్టీని ఖర్చులో కలపకుండా ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకునే వీలుంది, ముందు అది GSTR-2Bలో కనిపిస్తోందేమో చూడండి. విదేశీ డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రంలో 1,980 అని ఉన్నా బిల్లును తగ్గించి మళ్లీ రాయొద్దు. ఆ 20 డాలర్ల కోత చూపే MT103 కాపీని అదే బిల్లుకు జతచేసి ఉంచండి.