టాటూ తీసేశాక చర్మం ప్లాస్టిక్‌లా ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: ఫోటోషాప్‌లో పైచేయి మీద పెద్ద నల్ల టాటూ తీసేస్తే ఆ చోటు బొమ్మ చర్మంలా అయిపోతోంది. రంధ్రాలు, చేతి గుండ్రం, రంగు చెడకుండా తీయడం ఎలా?

ముందు హీలింగ్ బ్రష్ పక్కన పెట్టేయండి. అది రంధ్రాలను మీరు చూపించిన చోటు నుంచి తెస్తుంది కానీ, వెలుగునీ రంగునీ మీరు రుద్దిన ప్రాంతం అంచుల నుంచి తీసుకుంటుంది. ఆ అంచు సిరా మీద పడితే నలుపు లోపలికి పాకి మసి మరకలా మిగులుతుంది. చిన్న మచ్చకి చుట్టూ మంచి చర్మం ఉంటుంది కాబట్టి చెల్లుతుంది, పెద్ద టాటూకి చెల్లదు.

రంధ్రాలు ఒక లేయర్‌లో, వెలుగు-రంగు ఇంకో లేయర్‌లో ఉండేలా ఫోటోని విడదీయండి. బ్యాక్‌గ్రౌండ్‌కి రెండు కాపీలు తీసి, కింది దానికి `Gaussian Blur` ఇవ్వండి. పై కాపీ మీద `Image > Apply Image` తెరిచి, `Layer` దగ్గర కింది కాపీని ఎంచుకోండి. 8 బిట్ ఫైల్ అయితే `Blending: Subtract`, `Scale: 2`, `Offset: 128` పెట్టి, ఆ లేయర్‌ని `Linear Light` మోడ్‌లోకి మార్చండి. ఫోటో మళ్లీ మొదట్లో ఉన్నట్టే కనిపిస్తే విడదీత సరిగ్గా జరిగినట్టు.

బ్లర్ రేడియస్ ఎంతో అంకె చెప్పేసే పాఠాలంటే నాకు ఒళ్లుమంట. ముఖం నిండా ఉన్న ఫోటోకీ, నిలువెత్తు ఫోటోకీ ఒకే అంకె ఎలా సరిపోతుంది? రంధ్రాలు మాయమై, కండ ఎత్తుపల్లాలు ఇంకా తెలుస్తున్న చోట ఆపండి. 8 పిక్సెళ్ల దగ్గర ఆగారనుకుందాం.

ఇప్పుడు మీ పైచేయి సంగతి. వెలుగు ఎడమ నుంచి వస్తోంది, చెయ్యి నిలువుగా ఉంది, టాటూ మధ్య నుంచి కుడివైపు నీడలోకి చుట్టుకుంది అనుకోండి. చేతికి అడ్డంగా వెళితే వెలుగు గబగబా తగ్గుతుంది, నిలువుగా వెళితే దాదాపు మారదు. అందుకే టాటూ పక్క నుంచి రంగు తేకండి. పైనుంచీ కిందనుంచీ తేవాలి, అదీ చేతి అంచుకి అంతే దూరంలో ఉన్న చోటు నుంచి. గుండ్రం నిలబడేది దీనివల్లే.

రెండు లేయర్ల మధ్య ఒక ఖాళీ లేయర్ పెట్టి, క్లోన్ స్టాంప్‌ని `Current & Below`లో ఉంచండి. మెత్తటి పెద్ద బ్రష్‌తో, 100 శాతం ఓపాసిటీతో, టాటూ పై సగాన్ని పై చర్మంతో, కింది సగాన్ని కింది చర్మంతో కప్పండి. బ్లర్ వల్ల సిరా పక్కకి ఒలికి ఉంటుంది కాబట్టి దాని గీతకి 15–20 పిక్సెళ్లు బయట నుంచే మొదలుపెట్టాలి. రెండు సగాలు కలిసేచోట మాత్రం 20 శాతంతో సర్దండి. రంగు పూసే బ్రష్ వాడకండి. అసలు చర్మం మీద ఎరుపు, పసుపు, గోధుమ ఛాయలు పలచగా కలగలిసి ఉంటాయి. రంధ్రాలన్నీ ఉన్నా ఈ కలగలుపు లేకపోతే ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. మీ ఫోటోలో తేడా చాలావరకు ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇంతా చేశాక టాటూ బొమ్మ సన్నటి గీతలుగా ఇంకా కనిపిస్తుంది. సిరా అంచులు రంధ్రాల లేయర్‌లో ఉండిపోతాయి మరి. ఆ లేయర్ మీదే క్లోన్ స్టాంప్ `Current Layer`లో, 100 శాతం ఓపాసిటీ, 80 శాతం హార్డ్‌నెస్‌తో వాడండి. ఇక్కడ మెత్తటి బ్రష్ పనికిరాదు, రెండు చోట్ల రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడి సగటై నున్నటి పట్టీ ఏర్పడుతుంది. చేతి అంచు దగ్గర రంధ్రాలు ఇరుకై సన్నగా కనిపిస్తాయి, కాబట్టి అంచుకి అంచు నుంచే, మధ్యకి మధ్య నుంచే తెచ్చుకోండి. ఒకేచోటు నుంచి పదే పదే తెస్తే అదే పుట్టుమచ్చ వరసగా కనిపించి పట్టిచ్చేస్తుంది.

చాట్‌లో పంపిన జేపెగ్ మీద మాత్రం ఈ పని పెట్టుకోకండి. అలాంటి ఫైల్‌లో కంప్రెషన్ వల్ల 8×8 పిక్సెళ్ల గళ్లు ఏర్పడి, రంధ్రాల లేయర్‌లో రంధ్రాల బదులు అవే కనిపిస్తాయి.

ఉబ్బెత్తు గాయపు మచ్చకీ ఇదే దారి. కాకపోతే దానికి ఒకవైపు మెరుపు, ఇంకోవైపు నీడ గీత ఉంటాయి. ఆ రెండూ వెలుగు లేయర్‌లో పోతేగాని రంధ్రాల జోలికి వెళ్లకండి.

చివర్లో అన్నిటికన్నా పైన 50 శాతం బూడిద రంగు లేయర్ పెట్టి `Luminosity` మోడ్ ఇవ్వండి. వెలుగు తేడాలు పోయి రంగు తేడాలే మిగులుతాయి, అతుకు ఆకుపచ్చగానో బూడిదగానో ఉంటే బయటపడుతుంది. అది తీసేసి `Black & White` లేయర్, దానిపైన నిటారు `Curves` పెడితే వెలుగులో తప్పు కనిపిస్తుంది. రెండుసార్లూ 100 శాతం జూమ్‌లోనూ, 25 శాతంలోనూ చూడండి. దగ్గర నుంచి అతుకులు తెలుస్తాయి, గుండ్రం చెడిందో లేదో దూరం నుంచే తెలుస్తుంది.