నెలకు తొమ్మిది కొత్త ఆర్డర్లు వస్తాయా?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాకు దర్రీల దుకాణం ఉంది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మీదనే నెలకు 30 ఆర్డర్లు వస్తున్నయి. వెబ్‌సైట్ చేసిస్తమని ఒకరు 45,000 అడుగుతున్నరు, ఆపైన ఏటా 12,000. రూ.1,200 దర్రీ మీద మాకు 400 మిగులుతది. అందుల కొరియర్‌కు 110 పోతది. పెట్టమంటరా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మూడేళ్లకు ఆ సైటు ఖర్చు రూ.81,000. అంటే నెలకు 2,250. సైటులో డబ్బు తీసుకోవాలంటే పేమెంట్ గేట్‌వే కావాలి. అది సాధారణంగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటుంది. 1,200కు అది 28 రూపాయలు. కొరియర్ కూడా పోగా దర్రీకి మీ చేతిలో మిగిలేది 262. కాబట్టి సైటు ఖర్చు రావడానికే నెలకు తొమ్మిది ఆర్డర్లు కావాలి.

ఆ తొమ్మిదీ కొత్తవాళ్లవే అయి ఉండాలి, అసలు చిక్కు అక్కడే ఉంది. ఇవాళ మీ క్యూఆర్ కోడ్‌కు యూపీఐ చేస్తున్న పాత కస్టమర్లలో పదిమంది సైటుకు మారితే ఆర్డర్లేమీ పెరగవు, పైగా గేట్‌వేకు 280 పోతుంది. తొమ్మిది కాస్తా పది అవుతుంది.

కొత్తవాళ్లు గూగుల్‌లో వెతికి వస్తారు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది కనుక ఆ పేరుతో వెతికేవాళ్లు ఉంటారు. వాళ్లకు మీరు కనిపించడానికి ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టండి, పైసా ఖర్చు లేదు. వెరిఫికేషన్‌కు చాలాసార్లు వీడియో అడుగుతుంది. వీధి, దుకాణం బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీయండి. బోర్డు మీద ఉన్న పేరే అక్షరం మారకుండా ప్రొఫైల్‌లో రాయండి. అది తేడా ఉంటే తిరస్కరించే అవకాశం ఎక్కువ.

సైటు లేకున్నా డొమైన్ పేరు, అంటే మీ దుకాణం వెబ్ చిరునామా, మాత్రం కొనండి. ఏడాదికి వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. ఎంత రెన్యూవల్ ఛార్జీ ఉందో కొనేముందే చూసుకోండి, మొదటి ఏడాది తగ్గించి తర్వాత పెంచుతారు. డొమైన్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్ పెట్టి, మీ వాట్సాప్ కేటలాగ్ లింక్ `https://wa.me/c/91XXXXXXXXXX` ఇవ్వండి. ఆ పేరు టైప్ చేసినవాళ్లు నేరుగా మీ కేటలాగ్‌కు వస్తారు. బిల్లు మీద, సంచి మీద ఆ డొమైన్ పేరే అచ్చు వేయించండి. రేపు నంబరు మారినా, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఆగిపోయినా, ఫార్వార్డింగ్ మారిస్తే చాలు. సంచులు మళ్లీ అచ్చు వేయించక్కర్లేదు. కానీ డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతోనే కొనాలి. సైటు చేసేవాళ్ల పేరు మీద ఉంటే, వాళ్లతో తెగిన రోజు ఆ పేరూ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

ఇవన్నీ పెట్టాక మూడు నెలలు కొత్తగా కొన్న ప్రతి ఒక్కరినీ "మా దుకాణం ఎట్ల తెలిసింది?" అని అడిగి నోట్‌బుక్‌లో రాయండి. గూగుల్‌లో చూసి వచ్చి కొన్నవాళ్లు నెలకు పదిమంది దాటితే, లేదా హోటళ్లు, ఆఫీసులు పెద్ద ఆర్డరుకు ముందు సైటు అడుగుతుంటే, అప్పుడు 45,000 సంగతి మాట్లాడండి.